ముందు అద్దెకు... ఆ తర్వాతే రాజీనామా!

'ఇంకెన్నాళ్లండీ ఈ ట్రాఫిక్కు, ఈ టార్గెట్లు... ఏదైనా చిన్న ఊరికెళ్లి హాయిగా బతకొచ్చుగా!' హైదరాబాద్‌లో నలభై దాటిన ఉద్యోగుల ఇళ్లలో ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది. ఒకప్పుడైతే అది నిట్టూర్పుతోనే ఆగిపోయేది. ఇప్పుడలా కాదు. ఆ రాత్రే లెక్కల పుస్తకం తెరుస్తున్నారు. ఇంతకాలం కూడబెట్టింది ఇంత, చిన్న ఊళ్లో నెలకయ్యే ఖర్చు ఇంత, అంటే యాభై రాకముందే ఉద్యోగం మానేయొచ్చు అని తేల్చేస్తున్నారు.

లెక్క బాగానే ఉంటుంది. చిక్కంతా అందులోని ఒక్క అంకెతోనే... చిన్న ఊళ్లో నెలకయ్యే ఖర్చు. మిగతావన్నీ పాస్‌బుక్కులో కనిపించేవే. ఇదొక్కటే ఊహ. సెలవులకు వెళ్లినప్పుడు చూసిందీ, చుట్టాలు చెప్పిందీ కలిపి వేసుకున్న అంకె. దాన్ని నమ్ముకుని వచ్చే నలభై ఏళ్లు బతకాలి!

అందుకే ముందు కొన్ని నెలలు ఆ ఊళ్లో అద్దెకుండి చూడటం అవసరం. వాతావరణం నచ్చిందో లేదో చూసుకోవడానికి మాత్రమే కాదు... ఆ ఒక్క అంకెనూ సరిగ్గా కొలుచుకోవడానికి.

వెయ్యి రూపాయలంటే నాలుగు లక్షలు!

ఖర్చు అంచనా నెలకు వెయ్యి రూపాయలు తప్పితే ఏమవుతుంది? ఉద్యోగంలో ఉంటే ఏమీ కాదు. వచ్చే నెల జీతంలో సర్దుకుపోతుంది. ఉద్యోగం మానేసినవారికి మాత్రం అది పెద్ద మాటే.

అమెరికాకు చెందిన ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో ఒక లెక్క కట్టారు. అక్కడి షేర్లు, బాండ్ల పాత రాబడులన్నీ పరిశీలించి, దాచుకున్న సొమ్ములో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లదాకా డబ్బు చాలుతుందని చెప్పారు. అది అమెరికా లెక్క, అరవై దాటినవారికి సరిపోయే లెక్క. 47 ఏళ్లకే మానేసేవారు 40 ఏళ్లకు పైగా నెట్టుకురావాలి. పైగా మన దగ్గర ధరలు పెరిగే తీరు వేరు. అందుకే జాగ్రత్తపరులు 3 శాతమే తీసుకోవాలనుకుంటారు.

ఆ 3 శాతంతో చూద్దాం. నెలకు వెయ్యి అంటే ఏడాదికి 12 వేలు. ఏటా 12 వేలు రావాలంటే వెనక 4 లక్షలుండాలి. అంటే ఖర్చు అంచనాలో నెలకు వెయ్యి తప్పితే, దాచుకున్నదాంట్లో 4 లక్షలు తక్కువ పడ్డట్టే. నెలకు అయిదు వేలు తప్పితే 20 లక్షలు! కొన్ని నెలల అద్దె ఇచ్చయినా సరే ఈ అంకెను ముందే తెలుసుకోవడం ఎందుకంత అవసరమో ఇప్పుడు అర్థమైంది కదా.

మదనపల్లె వెళ్దాం పదండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉంటున్న దంపతులు. ఆయనకు 47, ఆమెకు 45. అప్పు తీరిపోయిన ఫ్లాటు ఒకటుంది. కూతురి చదువుకు, పెళ్లికి డబ్బు విడిగా తీసి పెట్టారు. అది కాక ఫండ్లు, పీఎఫ్, డిపాజిట్లు కలిపి కోటి 28 లక్షలున్నాయి. దాంట్లో 3 శాతమంటే నెలకు 32 వేలు. ఫ్లాటు అద్దెకిస్తే మెయింటెనెన్సు, ఇంటి పన్ను పోను, ఖాళీగా ఉండే రోజులు కూడా తీసేస్తే నెలకు 18 వేలు చేతికొస్తాయనుకుందాం. మొత్తం 50 వేలు. ఇదీ వాళ్ల హద్దు. (మనుషులూ అంకెలూ ఉదాహరణకు అనుకున్నవే. పద్ధతి మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది.)

వాళ్లు ఎంచుకున్న ఊరు మదనపల్లె. ఎందుకో చెప్పక్కర్లేదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. రాయలసీమలోని మిగతా ఊళ్లతో పోలిస్తే చల్లన. పక్కనే హార్స్‌లీ కొండలు, ఇంకోవైపు రిషివ్యాలీ. ఇక్కడి పొడిగాలి మంచిదనే వందేళ్ల కిందటే క్షయ రోగుల కోసం ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో ఇక్కడ బస చేసినప్పుడే 'జనగణమన'ను ఇంగ్లిషులోకి అనువదించారు. భాష మనది. బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. ఇంతకంటే ఏం కావాలి!

కాగితం మీద వాళ్లు వేసుకున్న ఖర్చు చూడండి. అద్దె 10 వేలు. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాసు 13 వేలు. కరెంటు, ఫోన్లు, నెట్టు 3 వేలు. పనిమనిషికి 2 వేలు. పెట్రోలు, ఆటోలు 4 వేలు. మందులు, ఆరోగ్య బీమా 6 వేలు. ఇతరత్రా 7 వేలు. మొత్తం 45 వేలు. హద్దు 50 వేలు కాబట్టి నెలకు 5 వేలు మిగులు కూడా!

డిసెంబరులో కాదు... ఏప్రిల్లో!

డిసెంబరులో వెళ్లి వారం రోజులుంటే మదనపల్లె ఎవరికైనా నచ్చుతుంది. పొద్దున్నే పొగమంచు, వేడివేడి టిఫిను, సాయంత్రం కొండమీదికి షికారు. అది ఊరిని చూడటమే తప్ప ఊళ్లో ఉండటం కాదు. ఆ ఊరికి కష్టకాలమేదో కనుక్కుని, ఆ నెలలు కలిసొచ్చేలా వెళ్లాలి. కోస్తాలోనైతే మే నెల ఉక్కపోత, వానాకాలపు ముంపు. ఈ మెట్ట ప్రాంతంలోనైతే వేసవిలో నీళ్లు.

మన దంపతులు ఫిబ్రవరిలో వెళ్లి జులై చివరిదాకా ఆరు నెలలున్నారనుకుందాం. ఇంటి ఒప్పందం మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. కాబట్టి ముందే ఖాళీ చేయాల్సొస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు అన్నది అందులోనే రాయించుకోవాలి. ఫర్నిచరుతో ఉన్న గెస్ట్‌హౌస్ వద్దు. రేపు నిజంగా ఎలాంటి ఇంట్లో ఉండబోతారో అలాంటి ఇల్లే తీసుకోవాలి. అద్దెకు దిగేముందు ఓనర్ని కాదు, పక్కింటివాళ్లను ఒక మాట అడగండి... 'కిందటి మే నెలలో ఈ బోరులో నీళ్లొచ్చాయా?'

ఇంకో నియమం ముఖ్యమైనది. ఈ ఆరు నెలలూ జీతం వస్తున్నా దాన్ని ముట్టుకోకూడదు. ప్రతి నెలా ఒకటో తేదీన 50 వేలు వేరే ఖాతాలోకి మార్చుకుని, చిన్నాపెద్దా ఖర్చులన్నీ అందులోంచే పెట్టాలి. పాత ఖాతా కార్డు బీరువాలో ఉండాలి. ఇలా చేయకపోతే చిన్న చిన్న లోటులు జీతంలోంచి తెలియకుండానే పూడిపోతాయి. పరీక్ష పాసయ్యామనుకుంటాం... పేపరు దిద్దకుండానే!

ఆయన నాలుగు నెలలు ఇంటినుంచే ఆఫీసు పని చేసి, చివరి రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టారు. అదీ అవసరమే. పనిలో ఉన్నంతకాలం పగలు ఎలా గడుస్తుందో తెలియదు. మధ్యాహ్నం మూడింటికి చేసేందుకేమీ లేకపోతే ఎలా ఉంటుందో కూడా ముందే చూసుకోవాలి.

మూడు పేజీల పుస్తకం

ఖర్చుల పుస్తకం అందరూ రాస్తారు. ఇక్కడ దాన్ని మూడు భాగాలు చేయాలి. ఒకటి, ఊరు మారితే తగ్గే ఖర్చులు. రెండు, ఏ ఊరెళ్లినా తగ్గనివి. మూడు, ఊరు మారడం వల్లే కొత్తగా పుట్టేవి. కాగితం మీద వేసిన లెక్కల్లో మొదటిదే నిండుగా ఉంటుంది. మూడోది దాదాపు ఖాళీ!

మొదటి రెండు నెలల లెక్కను పక్కన పెట్టాలి. బకెట్లు, గ్యాసు స్టౌ, దోమతెరలు కొనడంతోనే అవి గడిచిపోతాయి. మూడో నెలనుంచి నాలుగు నెలల సగటు తీయాలి. ఏడాదిలో కొన్నాళ్లే ఉండే ఖర్చును మాత్రం పన్నెండు నెలలకూ పంచాలి. మన దంపతులకు ఏం తేలిందో చూద్దాం.

మొదటి పేజీలో అంచనా పెద్దగా తప్పలేదు. పనిమనిషి, పెట్రోలు, ఇతరత్రా ఖర్చులు అనుకున్నట్టే ఉన్నాయి. నీళ్లకు ఇబ్బంది లేదన్న ఇంటికి అద్దె 11 వేలయింది. అనుకున్నదానికన్నా వెయ్యి ఎక్కువ.

రెండో పేజీ దగ్గర ఆశ్చర్యం మొదలైంది. కూరగాయలు చవకే. కానీ నూనె, పప్పు, సబ్బు, పేస్టు, గ్యాసు... ఇవి ఊరు చిన్నదని తక్కువకు రావు. కిరాణా, పాలు, కూరగాయలు కలిపి 14,500. ఆ మాటకొస్తే కూరగాయలు కూడా ఎప్పుడూ చవకని కాదు. 2023 జులైలో టమాటా ధర మండిపోయినప్పుడు, దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లెలో కూడా కిలో వంద దాటింది. పంట పక్కనే ఉన్నా ధరను దేశమంతా కలిసే నిర్ణయిస్తుంది. ఇక ఇంటర్నెట్ ఆగితే ఆఫీసు పని ఆగుతుందని రెండోది పెట్టించుకోవడంతో మరో 500 పెరిగింది.

ఆరోగ్యం ఖర్చు కూడా ఈ పేజీలోదే. ఉద్యోగం ఉన్నంతకాలం కంపెనీ బీమా ఉంటుంది. మానేస్తే పోతుంది. సొంత పాలసీకి ఏడాదికి 54 వేలు, అంటే నెలకు 4,500. మందులు, పరీక్షలు 3,500. మొత్తం 8 వేలు.

మూడో పేజీయే అసలు దెబ్బ. వేసవిలో బోరు సన్నగిల్లడంతో ట్యాంకర్లకు మొత్తం 12 వేలయింది. పన్నెండు నెలలకు పంచితే నెలకు వెయ్యి. ప్రయాణాల ఖర్చు ఇంకా పెద్దది. హైదరాబాద్ అయిదొందల కిలోమీటర్ల పైమాటే. మదనపల్లె రోడ్ రైల్వేస్టేషను ఊళ్లో కాదు, సీటీఎం దగ్గర ఉంటుంది. ఒక పెళ్లి, ఒక పరామర్శ, కూతురి దగ్గరికి ఒకసారి... నాలుగు నెలల్లో మూడుసార్లు హైదరాబాద్ వెళ్లొచ్చారు. ఆరువేల చొప్పున 18 వేలు. డాక్టరు కోసం రెండుసార్లు బెంగళూరు, నాలుగువేల చొప్పున 8 వేలు. మొత్తం 26 వేలు. అంటే నెలకు 6,500. కాగితం మీద ఈ ఖర్చుకు గడే లేదు!

మొత్తం కూడితే 57,500. అంచనాకన్నా 12,500 ఎక్కువ. హద్దుకన్నా 7,500 ఎక్కువ. మన వెయ్యికి నాలుగు లక్షల లెక్క ప్రకారం 30 లక్షల లోటు!

పాలసీలో చిన్న అక్షరాలు

ఆరోగ్యం సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. తొందరగా రిటైరయ్యేవారి ప్రణాళికను తలకిందులు చేయగలిగేది ఇదే.

సొంత పాలసీ ఉద్యోగం మానేశాక తీసుకుంటే ఆలస్యమైనట్టే. బీపీ, షుగర్ లాంటి ముందునుంచే ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్లదాకా వేచి ఉండే గడువు పెట్టొచ్చు. 2024లో ఐఆర్‌డీఏఐ ఈ గరిష్ఠ గడువును నాలుగేళ్లనుంచి మూడేళ్లకు తగ్గించింది. కాబట్టి మానేయాలనుకున్న రోజుకు మూడేళ్లముందే పాలసీ తీసుకోవాలి. అప్పుడు కంపెనీ బీమా పోయేనాటికి మన పాలసీ గడువు పూర్తయి ఉంటుంది.

రెండోది చాలామంది చూడరు. కొన్ని బీమా సంస్థలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి, చిన్న ఊళ్లవారికి ప్రీమియం తక్కువ వేస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పాలసీతో పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మనమే కట్టాలన్న షరతు కొన్నింటిలో ఉంటుంది. మదనపల్లెలో ఉండేవారు పెద్ద జబ్బుకు వెళ్లేది బెంగళూరో తిరుపతో హైదరాబాదో కదా! ప్రీమియంలో మిగిలింది ఒక్క ఆపరేషనుతో పోతుంది. అడ్రసు మార్చేముందు ఈ షరతు ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నగదు లేకుండా వైద్యం చేసే ఆసుపత్రుల జాబితాలో ఆ ఊళ్లోవి ఏమున్నాయో కూడా చూడండి.

ఆ ఆరు నెలల్లోనే ఇంకో పని చేయాలి. ఒంట్లో బాగున్నప్పుడే ఆ ఊరి డాక్టరు దగ్గరికెళ్లి మామూలు పరీక్షలు చేయించుకోవాలి. మనం వాడే మందులన్నీ ఆ ఊరి షాపుల్లో దొరుకుతున్నాయా చూడాలి. రాత్రి పదింటికి గుండెల్లో నొప్పి వస్తే ముందు ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ గుండె డాక్టరు రాత్రిపూట ఉంటారా, లేకపోతే తర్వాతి ఆసుపత్రికి ఎన్ని గంటలు... ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించగలిగితేనే ఆ ఊరు మనకు పనికొస్తుందని అర్థం. రాయలేకపోతే, అద్దె ఎంత తక్కువైనా ఆ ఊరు చవక కాదు.

ఇద్దరూ విడివిడిగా రాయండి

డబ్బు సంగతి పుస్తకం చెబుతుంది. మనసు సంగతి? 'నీకు బాగుందా?' అని అడిగితే 'నీకు బాగుంటే నాకూ బాగుంటుంది' అంటారు మన ఇళ్లలో. అందుకని మూడో నెల చివర, ఆరో నెల చివర ఇద్దరూ వేర్వేరుగా కాగితం మీద రాయాలి. ఈ నెలలో ఎంతమందితో, షాపువాళ్లతో కాకుండా, పావుగంటసేపు మాట్లాడారు? హైదరాబాద్ వెళ్లినప్పుడు తిరిగి బయల్దేరుతుంటే ఎలా అనిపించింది? ఇక్కడ ఇంకో అయిదేళ్లు ఉండమంటే ఉంటారా? రాశాక కాగితాలు మార్చుకోవాలి. సాధారణంగా ఆయనకు నచ్చి, ఆమెకు నచ్చకపోవడానికి కారణం ఈ రెండో ప్రశ్న దగ్గరే దొరుకుతుంది. ఆయన కోరుకున్నది ఆఫీసు లేని జీవితం. అది దొరికింది. ఆమె వదులుకున్నవి అక్కచెల్లెళ్లు, ఇరుగుపొరుగు, పాతికేళ్ల పరిచయాలు. వాటి బదులు ఏం దొరికిందో ఆ ఆరు నెలల్లో తేలాలి.

తేలిందేమిటి?

మన దంపతులు ఓడిపోయారా? కాదు. ఆ 7,500 లోటులో ఎంత సర్దుకోగలరో కూర్చుని చూశారు. నీళ్లు పుష్కలంగా ఉన్న వీధి ఏదో ఇప్పుడు తెలుసు కాబట్టి ట్యాంకర్ ఖర్చు వెయ్యి తగ్గుతుంది. హైదరాబాద్ పనులన్నీ కలిపి ఒకేసారి చూసుకుంటే ప్రయాణాలు 6,500 నుంచి 4,500కు వస్తాయి. ఇంకా 4,500 లోటు. అంటే 18 లక్షలు. ఏడాదికి 9 లక్షలు దాచగలిగితే రెండేళ్లు. 47కు కాదు, 49కి. ఈలోగా సొంత ఆరోగ్య పాలసీ గడువులో రెండేళ్లు గడిచిపోతాయి కూడా.

ఇది తెలుసుకోవడానికి అయింది ఆరు నెలల అద్దె 66 వేలు, సామాను రవాణా. తెలుసుకోకుండా రాజీనామా ఇచ్చి ఉంటే? మూడు నాలుగేళ్లపాటు ఏమీ తెలిసేది కాదు. పొదుపులోంచి నెలకు కొంత ఎక్కువ తీస్తుంటారు, అంతే. అది తెలిసేనాటికి ఆయనకు 52. పాత ఉద్యోగం మళ్లీ దొరికే వయసు కాదు.

చివరిగా ఒక జాగ్రత్త. పరీక్ష పాసైనా సరే, హైదరాబాద్ ఫ్లాటు వెంటనే అమ్మకండి. నగరంలో అమ్మి చిన్న ఊళ్లో కొనడం తేలిక. చిన్న ఊళ్లో అమ్మి నగరంలో కొనడం దాదాపు అసాధ్యం. ధరల తేడా ఒకవైపే తలుపు తెరుస్తుంది. కొత్త ఊళ్లో కనీసం రెండు వేసవులు అద్దింట్లో గడిచి, ఆసుపత్రి అవసరం ఒకసారైనా పడి, ఇద్దరి కాగితాల్లోనూ ఒకే జవాబు ఉన్నప్పుడు... అప్పుడు ఆలోచించండి, అక్కడ సొంతిల్లు కట్టుకోవాలా అని. అప్పటిదాకా తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.